పండుగ రద్దీలో షాపింగ్ మాల్ మైకు ప్రకటనలు: చిన్నగా, స్పష్టంగా, విసుగు పుట్టకుండా రాయడం ఎలా

సంక్రాంతికి ముందు వారంలో విజయవాడ బీసెంట్ రోడ్డు లాంటి చోట ఉండే నాలుగంతస్తుల బట్టల మాల్‌ను మనసులో ఉంచుకొని ఈ పద్ధతి రాస్తున్నాను. అటువంటి మాల్‌లో కొన్ని పండుగ సీజన్లు నేను మైకు గది బాధ్యత చూశాను. ప్రకటనలు రాసిన మొదటి ఏడాది పొరపాట్లన్నీ నేనే చేశాను గనుక, ఏ మాట ఎందుకు పనిచేయదో నాకు కొంత అనుభవంతో తెలుసు. మీరు మాల్ నిర్వాహకులైనా, హెల్ప్ డెస్క్‌లో కూర్చొని మైకు పట్టుకొనేవారైనా, కింది క్రమంలో పని చేసుకుంటే పండుగకు పది రోజుల ముందే మీ ప్రకటనలు సిద్ధమవుతాయి.

1. ముందు ఒక రోజు లెక్క రాయండి

రాయడం మొదలుపెట్టే ముందు, ఇప్పుడు మీ మైకులో ఏమేమి చెబుతున్నారో ఒక రోజంతా నోటుపుస్తకంలో రాసుకోండి. ఏ సమయానికి, ఏ విషయం, ఎన్ని సెకన్లు అనే మూడు వివరాలు ఉంటే చాలు. ఉదయం 10 గంటలకు తెరిచి రాత్రి 10 గంటలకు మూసే మాల్‌లో పది నిమిషాలకొక ప్రకటన వస్తే రోజుకు 72 ప్రకటనలు అవుతాయి. ఒక్కొక్కటి అర నిమిషం పడితే మొత్తం 36 నిమిషాల మాట. కొనుగోలుదారు గంటన్నర ఉండి వెళ్ళిపోతారు గనుక వారి చెవిన పడేది తొమ్మిదో పదో. కౌంటరు వెనుక నిలబడిన అమ్మాయి మాత్రం ఆ 72 ప్రకటనలూ వింటుంది. విసుగు మొదట పుట్టేది సిబ్బందిలోనే. తర్వాత అది వారి గొంతులో నుంచి కొనుగోలుదారులకు చేరుతుంది.

లెక్క పూర్తయ్యాక ప్రతి ప్రకటన పక్కన ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది బోర్డు చెప్పగలదా? మరుగుదొడ్లు ఎక్కడున్నాయి, చిన్నపిల్లల దుస్తులు ఏ అంతస్తులో ఉన్నాయి, కార్డు చెల్లింపు ఉందా లేదా అన్నవి రోజంతా మారని విషయాలు. వాటికి బోర్డు చాలు. మైకు అవసరమయ్యేది ఇప్పుడే పుట్టి, కొద్దిసేపట్లో పోయే విషయానికి. దారికి అడ్డంగా ఉన్న కారు, ఖాళీగా ఉన్న బిల్లింగ్ కౌంటరు, తప్పిపోయిన బిడ్డ, ఆగిపోయిన లిఫ్టు ఈ కోవకు చెందుతాయి.

ఆఫర్ల గురించి యాజమాన్యంతో కాస్త వాదన తప్పదు. నా అభిప్రాయం ఇది. సాయంత్రం ఆరు గంటల రద్దీలో మాల్ లోపల ఉన్నవారు ఇప్పటికే కొనడానికి వచ్చినవారు, వారిని ఇంకో అంతస్తుకు రమ్మని ఊరించడం వల్ల ఎస్కలేటర్ల దగ్గర తోపులాట పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఆఫరు ప్రకటనలను ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు వరకు పెట్టి, సాయంత్రం మైకును పనికి మాత్రమే వాడండి.

2. ఎవరికి సంబంధించిందో వారిని మొదటే పిలవండి

ప్రకటన విసుగు పుట్టించడానికి పెద్ద గొంతు ఒక్కటే కారణం కాదు. తనకు సంబంధం లేని మాటను, సంబంధం ఉందేమోనన్న అనుమానంతో చివరిదాకా వినవలసి రావడం అంతకంటే పెద్ద కారణం. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది గనుక ఈ ఇబ్బంది మనకు మరీ ఎక్కువ. మొదటి ఏడాది నేను రాసిన ప్రకటన ఒకటి చూడండి. కారు నంబరు ఉదాహరణ కోసం కల్పించాను.

"గౌరవనీయులైన మా వినియోగదారులకు ముఖ్య గమనిక. సెల్లార్ పార్కింగ్‌లోని ర్యాంపు వద్ద ఇతర వాహనాల రాకపోకలకు అంతరాయం కలిగించే విధంగా నిలిపి ఉంచిన, ఫోర్ జీరో సెవెన్ టూ నంబరు గల తెలుపు రంగు కారు యజమాని ఎక్కడ ఉన్నప్పటికీ, వెంటనే వచ్చి తమ వాహనాన్ని అక్కడి నుంచి తొలగించవలసిందిగా కోరుచున్నాము."

వ్యాకరణంలో తప్పేమీ లేదు. కాని ఇందులో సుమారు 120 అక్షరాలు ఉన్నాయి. మైకులో సెకనుకు నాలుగు అక్షరాల వేగం బాగుంటుందని నేను పెట్టుకున్న లెక్క ప్రకారం ఇది అర నిమిషం పడుతుంది. అంతకంటే పెద్ద లోపం, కారు నంబరు అరవై అక్షరాలు గడిచాక వస్తుంది. అంటే మొదటి పదిహేను సెకన్లు మాల్‌లో ఉన్న ప్రతివారూ, కారులో రానివారు సహా, ఇది తమకేనేమోనని చెవి అప్పగించాలి. ఆ పదిహేను సెకన్లలో చాలామంది వినడం మానేస్తారు. అలా మానేసినవారిలో ఆ కారు నడిపిన మనిషి కూడా ఉంటాడు.

అదే విషయాన్ని ఇలా మార్చాను.

"తెల్ల కారు. నంబరు, ఫోర్ జీరో, సెవెన్ టూ. సెల్లార్ ర్యాంపుకు అడ్డుగా ఉంది. దయచేసి సెల్లార్‌కు రండి. తెల్ల కారు, ఫోర్ జీరో, సెవెన్ టూ."

ఇందులో నలభై రెండు అక్షరాలు ఉన్నాయి. మధ్యలో అర సెకను విరామాలు కలుపుకొన్నా పన్నెండు, పదమూడు సెకన్లలో ముగుస్తుంది. "తెల్ల కారు" అనగానే ఎర్ర కారు వారు, బైకు వారు, ఆటోలో వచ్చినవారు చీరల మీదికి చూపు మళ్ళించుకుంటారు. మిగిలిన మాట తెల్ల కారు వారికే. వారిలోనూ నంబరు కలవనివారు మరో మూడు సెకన్లలో తప్పుకుంటారు. చివర నంబరు మళ్ళీ చెప్పింది, మొదట రంగు విని చెవి నిక్కించి నంబరు జారవిడుచుకున్నవారి కోసం. ప్రకటన మొత్తాన్ని రెండోసారి చదవవలసిన పని లేదు.

కాబట్టి ప్రతి ప్రకటననూ ఇదే వరుసలో రాయండి: మొదట ఎవరికి, తర్వాత ఎక్కడ ఏమైంది, చివర ఏం చేయాలి. మూడింటికీ మూడు విడి వాక్యాలు ఉండాలి. "నిలిపి ఉంచిన", "నంబరు గల" వంటి విశేషణాలతో ఒకే వాక్యంలోకి కుదించవద్దు. కాగితం మీద అది పొందికగా కనిపిస్తుంది గాని, కంటితో చదివేవారు వెనక్కి వెళ్ళి చూసుకోగలరు, చెవితో వినేవారు వెళ్ళలేరు.

మర్యాద మాటల సంగతి ఇక్కడే చెప్పాలి. "గౌరవనీయులైన", "హృదయపూర్వక", "కోరుచున్నాము" అన్న మాటలు ఒక్కసారి వింటే మర్యాదగా ఉంటాయి, ఇరవయ్యోసారి వింటే ఎగతాళిగా వినిపిస్తాయి. "దయచేసి" ఒకటి చాలు. దాన్ని కూడా ఏం చేయాలో చెప్పే వాక్యంలోనే ఉంచండి. క్రియ చివరి "అండి" మర్యాదను ఎలాగూ మోస్తుంది. "రావలెను" అంటే హుకుం అవుతుంది, "రాగలరు" అంటే కార్యాలయం నోటీసు అవుతుంది. "రండి" అంటే మనిషి మనిషిని పిలిచినట్టు ఉంటుంది.

3. "కండి" మీద నమ్మకం పెట్టుకోవద్దు

ఇది తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు. నేను దీన్ని ఆలస్యంగా గ్రహించాను. ఎస్కలేటర్ దగ్గర చెప్పడానికి "పిల్లలను ఒంటరిగా వదలకండి" అని రాసుకున్నాం. సాయంత్రం రద్దీలో రెండో అంతస్తులో నిలబడి విన్నప్పుడు నా చెవికి "వదలండి" అని వినపడింది. చదివిన అమ్మాయి ఉచ్చారణలో దోషమేమీ లేదు. తెలుగులో నిషేధమంతా క్రియ మధ్యలోని ఒక్క "క" మీద ఆధారపడి ఉంటుంది, ఆ "క" పోతే అర్థం తలకిందులవుతుంది.

అది ఎందుకు పోతుందంటే, అచ్చుల ధ్వని బలంగా ఉంటుంది, హల్లుల ధ్వని బలహీనంగా, క్షణికంగా ఉంటుంది. గ్రానైటు నేల, అద్దాల గోడలు, మధ్యలో పైకప్పుదాకా ఖాళీ ఉన్న మాల్‌లో అచ్చు మారుమోగుతూ తన వెనుక వచ్చే హల్లును కప్పేస్తుంది. పైగా శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది. మీకు దగ్గరి స్పీకరు మాట వినిపించాక, దానికంటే 34 మీటర్ల ఎక్కువ దూరంలో ఉన్న స్పీకరు మాట సెకనులో పదోవంతు ఆలస్యంగా చేరుతుంది. "వదల" అన్న మాట రెండోసారి వచ్చి "కండి" మీద పడుతుంది.

దీనికి మందు సులువే. వద్దన్నదాన్ని చెప్పకుండా, చేయవలసినదాన్ని చెప్పండి. "పిల్లలను వదలకండి" బదులు "పిల్లల చెయ్యి పట్టుకోండి" అనండి. "ఇటు రాకండి" బదులు "ఎడమవైపు దారిలో వెళ్ళండి" అనండి. "లిఫ్టు వాడకండి" అన్న మాట మైకులో అసలు రానివ్వవద్దు, అది తప్పుగా వినపడితే ప్రాణం మీదికి వస్తుంది. "మెట్ల మీదుగా దిగండి" అంటే ఏ అక్షరం జారినా అర్థం మారదు. నిషేధం తప్పనిసరైతే "వద్దు" అని విడి మాటగా చివర పెట్టండి, దానికి ముందు చిన్న విరామం ఇవ్వండి.

అంకెలకూ ఇదే జాగ్రత్త కావాలి. "మూడు", "ఏడు" రద్దీలో ఒకటిగా వినిపిస్తాయి. ఇంగ్లీషు అంకెల్లో "ఫైవ్", "నైన్" అంతే. విమాన రేడియోలో "నైన్"ను "నైనర్" అని పలికే పద్ధతి ఇందుకే పుట్టింది. మన దగ్గర వాహనం నంబరును అందరూ ఇంగ్లీషులోనే చెప్పుకుంటారు గనుక దాన్ని ఇంగ్లీషు అంకెలతోనే, రెండు రెండు అంకెలుగా విరిచి చదవండి. "నలభై, డెబ్బై రెండు" అని కలిపి చెబితే వినేవారు మనసులో మళ్ళీ విడదీసుకోవాలి. రాష్ట్రం గుర్తు, జిల్లా గుర్తు చదవడం అనవసరం, రంగూ చివరి నాలుగు అంకెలూ సరిపోతాయి.

అంతస్తు పేర్లు కూడా గందరగోళమే. "మొదటి అంతస్తు" అంటే కొందరు నేల మీద ఉన్నదాన్ని అనుకుంటారు. లిఫ్టు మీట మీద ఏముందో, సిబ్బంది నోట ఏముందో అదే వాడండి, వెంటనే అక్కడ అమ్మే సరుకు పేరు చేర్చండి: "ఫస్ట్ ఫ్లోర్, పట్టుచీరలు". తలలో అంతస్తు లెక్క తప్పినవారికి కూడా చీరలు ఎక్కడ చూశారో గుర్తుంటుంది.

4. ప్రకటన నిజమో కాదో చూసి చెప్పండి

ఒక సాయంత్రం జరిగిన సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే మాటలు ఎంత బాగున్నా ప్రకటన ఎలా బెడిసికొడుతుందో అందులో తెలుస్తుంది. ఐదున్నర గంటలకు ఫస్ట్ ఫ్లోర్ పట్టుచీరల బిల్లింగ్ దగ్గర పాతిక మంది వరుసలో ఉన్నారు. థర్డ్ ఫ్లోర్‌లో పిల్లల దుస్తుల కౌంటరు దాదాపు ఖాళీ. "థర్డ్ ఫ్లోర్‌లో బిల్లింగ్ ఖాళీగా ఉంది" అని మాల్ అంతటికీ చెప్పాం. పది నిమిషాల్లో మూడు అంతస్తుల వారూ పైకి ఎక్కారు, ఎస్కలేటర్ నిండింది, పైన వరుస కిందికంటే పెద్దదైంది. ఇక పట్టుచీరల వరుసలో ఉన్నవారు మాత్రం కదలనే లేదు.

కారణాలు రెండు. మొదటిది, అవసరమైన అంతస్తుకు మాత్రమే చెప్పవలసిన మాటను అందరికీ చెప్పాం. మీ యాంప్లిఫయరులో జోన్ల మీటలు ఉంటే, ఒక్కో అంతస్తుకు విడిగా మాట పంపవచ్చు. పండుగకు ముందే ఏ మీట ఏ అంతస్తుదో పరీక్షించి, మీట మీద చీటీ అంటించండి. జోన్లు లేకపోతే ఇటువంటి ప్రకటన మైకులో చెప్పవద్దు, ఒక సిబ్బందిని వరుస దగ్గరికి పంపి నోటితో చెప్పించండి.

రెండో కారణం అసలైనది. బట్టల మాల్‌లో ఎంచుకున్న చీరను సేల్స్‌మన్ తన అంతస్తు కౌంటరుకు పంపిస్తాడు, కొనేవారు ఖాళీ చేతులతో వరుసలో నిలబడతారు. చీర కింద ఉంటే వారు పైకి వెళ్ళి ఏం చేస్తారు? మేము ఆ ఏర్పాటు మార్చకుండానే ప్రకటన చెప్పాం. తర్వాతి రోజు, వరుస పదిహేను దాటగానే కొత్త సరుకును నేరుగా పై కౌంటరుకు పంపమని సేల్స్‌మన్‌లకు చెప్పి, ఆ తర్వాత ఫస్ట్ ఫ్లోర్ జోన్‌లో మాత్రమే ఇలా చెప్పించాం.

"బిల్లు కోసం నిలబడినవారికి. థర్డ్ ఫ్లోర్ కౌంటర్ ఖాళీగా ఉంది. మీ చీరలు అక్కడికి పంపిస్తాం. మీ సేల్స్‌మన్‌కు చెప్పండి."

"మీ చీరలు అక్కడికి పంపిస్తాం" అన్న వాక్యం లేకుండా ఇది పనిచేయదు. వరుసలో చోటు వదులుకోవడానికి మనిషికి ఒక హామీ కావాలి. ఇటువంటి ప్రకటనకు ఆయుష్షు పావుగంట. పై కౌంటరు నిండిన క్షణం నుంచి అది అబద్ధమవుతుంది, అబద్ధమైన ప్రకటనను రెండుసార్లు విన్న మనిషి మూడోసారి నిజం చెప్పినా కదలడు. అందుకే దీన్ని రికార్డు చేసి తిప్పవద్దు, ప్రతిసారీ కౌంటరుకు ఫోను చేసి కనుక్కొని, మైకులో స్వయంగా చెప్పండి.

5. ఎంత వేగం, ఎంత శబ్దం, ఎన్నిసార్లు

ప్రకటనకు ముందు మోగే గంట శబ్దం రెండు స్వరాలది, రెండు సెకన్లకు మించనిది, మొదట ఒక్కసారే చాలు. గంట పూర్తిగా ఆగాక అర సెకను ఆగి మాట మొదలుపెట్టండి. చాలామంది గంట మీదే మొదటి మాట చెప్పేస్తారు, అందులో కొట్టుకుపోయేది "తెల్ల కారు" అన్న ముఖ్యమైన మాటే. మైకు నోటికి జానెడు కంటే కొంచెం దగ్గరగా, కాస్త పక్కకు ఉంచితే "ప", "బ"లు టపటపమనవు. పాటలు వేస్తున్నట్లయితే ప్రకటన సమయంలో వాటి శబ్దం దానంతట అదే తగ్గేలా మిక్సరులో అమర్చించండి.

ఎకో మీట పూర్తిగా కట్టేయండి. పెళ్ళి పందిళ్ళలోనూ జాతరలలోనూ మైకు సెట్టు వారు ఎకో పెంచితేనే గొంతు గంభీరంగా ఉంటుందని మనకు అలవాటైపోయింది. ఆరుబయట అది చెల్లుతుందేమో గాని, తనంతట తానే మారుమోగే భవనంలో ఎకో కలపడం పొగ ఉన్న గదిలో సాంబ్రాణి వేసినట్టు. అలాగే వినపడటం లేదని ఫిర్యాదు వస్తే శబ్దం పెంచే ముందు బాస్ తగ్గించి చూడండి. హల్లులు తేటపడతాయి, చాలాసార్లు శబ్దం పెంచే అవసరమే రాదు.

శబ్దం స్థాయి ఉదయానికీ సాయంత్రానికీ ఒకటి కాదు. చుట్టూ ఉన్న హడావుడి కంటే ప్రకటన సుమారు 10 డెసిబెళ్ళు పైన ఉంటే మాట తెలుస్తుంది. ఫోనులో శబ్దం కొలిచే యాప్ కచ్చితమైనది కాకపోయినా, ఈ తేడా చూడటానికి పనికొస్తుంది. ఉదయం పదకొండుకూ సాయంత్రం ఏడుకూ కొలిచి, వాల్యూమ్ మీట మీద రెండు గుర్తులు పెట్టండి. మైకు పట్టినవారు ఆ రెండు గుర్తులు దాటకూడదు. సాయంత్రం గుర్తు దగ్గర కూడా ఒక మూల వినపడకపోతే ఆ మూల స్పీకరు లేదని అర్థం, మిగిలినచోట్ల అరిస్తే అక్కడికి చేరదు. మాల్ ముందు రోడ్డు వైపు స్పీకర్లు పెట్టేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బహిరంగ లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాడకూడదు. వాణిజ్య ప్రాంతానికి పగటి పరిమితి 65 డెసిబెళ్ళు.

ఎన్నిసార్లు అన్నదానికి నా లెక్క ఇది. ఎస్కలేటర్ జాగ్రత్త వంటి సాధారణ ప్రకటన అరగంటకొకసారి వస్తే, గంటన్నర ఉండే కొనుగోలుదారు దాన్ని మూడుసార్లు వింటారు. అంతకుమించి వద్దు. కారు ప్రకటన చెప్పాక ఐదు నిమిషాలు ఆగి రెండోసారి, మరో ఐదు నిమిషాలకు మూడోసారి చెప్పండి. మూడుసార్లకూ రాకపోతే నాలుగోసారి చెప్పినా రారు, సెక్యూరిటీ వారిని అంతస్తులకు పంపండి. ఏ రెండు ప్రకటనల మధ్యనైనా కనీసం నాలుగు నిమిషాల మౌనం ఉండాలి. అన్ని విభాగాల వారూ తమది ఇప్పుడే చెప్పమని వస్తారు గనుక, ఈ నియమాన్ని మైకు గది తలుపు మీద రాసి పెట్టండి.

రికార్డు చేసే ప్రకటనల్లో హాస్యం, ప్రాస, పాట వద్దు. మొదటిసారి నవ్వు తెప్పించిన మాట ఆరోసారికి పన్ను నొప్పిలా తగులుతుంది. వ్యాపార ప్రకటనల్లో వలె ప్రతి వాక్యం చివర గొంతు ఎత్తే అలవాటును కూడా మాన్పించండి. అన్నం వడ్డించేటప్పుడు "పెరుగు కావాలా?" అని అడిగే గొంతు ఎలా ఉంటుందో, అది కావాలి.

భాషల విషయంలో, విజయవాడలో తెలుగు ఒక్కటే సరిపోతుంది, ఎందుకంటే పార్కింగ్, బిల్లింగ్, లిఫ్ట్ వంటి మాటలు ఇతరులకూ అర్థమవుతాయి. హైదరాబాద్‌లో కారు, పిల్లలు, అత్యవసరం అన్న మూడు సందర్భాలకు హిందీ కూడా చేర్చండి. ప్రతి ప్రకటననూ మూడు భాషల్లో చెబితే పన్నెండు సెకన్లు నలభై అవుతాయి, చేసిన కష్టమంతా వృథా.

6. బిడ్డ తప్పిపోయినప్పుడు

ఇక్కడ రెండు సందర్భాలను కలపకూడదు. బిడ్డ మీ దగ్గరికి చేరి, తల్లిదండ్రులు కనిపించకపోవడం ఒకటి. తల్లి మీ దగ్గరికి వచ్చి, బిడ్డ కనిపించకపోవడం రెండోది.

మొదటిదానిలో బిడ్డ పేరు, వయసు, వేసుకున్న బట్టల రంగు మైకులో చెప్పవద్దు. ఆ వివరాలు విన్న ఎవరైనా వచ్చి "మా పాపే" అనవచ్చు, పేరుపెట్టి పిలిస్తే బిడ్డ కూడా వెళ్ళవచ్చు. ఇంత చాలు:

"పిల్లల కోసం వెతుకుతున్నవారికి. గ్రౌండ్ ఫ్లోర్ హెల్ప్ డెస్క్‌కు రండి."

వచ్చినవారిని పేరు, బట్టలు అడగండి, ఫోనులో బిడ్డ ఫోటో చూపించమనండి, ఆ తర్వాతే బిడ్డను చూపించండి. బిడ్డ తన తండ్రి పేరు చెప్పగలిగితే తండ్రిని పేరుతో పిలవవచ్చు.

రెండోదానిలో మైకు కంటే ముందు వాకీటాకీ. తల్లి దగ్గర వివరాలు తీసుకొని అన్ని గేట్ల కాపలావారికీ ఒకేసారి చెప్పండి, ఆ తర్వాత సిబ్బందికి మాత్రమే అర్థమయ్యే సంకేతాన్ని మైకులో చెప్పండి. అమెరికాలో 1981లో ఫ్లోరిడాలోని ఒక దుకాణం నుంచి అపహరణకు గురై హత్యకు గురైన ఆరేళ్ళ ఆడమ్ వాల్ష్ పేరు మీద, 1994లో వాల్‌మార్ట్ "కోడ్ ఆడమ్" అన్న పద్ధతి మొదలుపెట్టింది. ఆ మాట వినగానే సిబ్బంది వెతకడం మొదలుపెడతారు, కొందరు బయటి దారుల దగ్గర నిలబడతారు, పది నిమిషాల్లో బిడ్డ దొరకకపోతే పోలీసులకు చెబుతారు. మీరు అదే మాట వాడినా, వేరేది పెట్టుకున్నా, పండుగకు ముందు ఒకసారి సాధన చేయించండి. 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్లు మైకు పక్కనే రాసి ఉండాలి.

7. ఖాళీ చేయించే ప్రకటన

దీనికి గంట శబ్దం వేరుగా ఉండాలి, మాట ముందే రికార్డు అయి ఉండాలి, ఎందుకంటే ఆ క్షణంలో మైకు పట్టిన మనిషి గొంతు వణుకుతుంది, వణికిన గొంతు విని జనం పరుగెత్తుతారు. రికార్డు నడిచేది ఈ మాటలతో:

"దయచేసి వినండి. మాల్ ఖాళీ చేస్తున్నాం. దగ్గరలోని మెట్ల మీదుగా దిగండి. నడిచి వెళ్ళండి. మా సిబ్బంది దారి చూపిస్తారు."

పరుగు, తోపులాట, మంట, భయం అన్న మాటలేవీ ఇందులో లేవు. లిఫ్టు ఊసు లేదు. "మా సిబ్బంది దారి చూపిస్తారు" అన్నది నిజం కావాలంటే మెట్ల దగ్గర ఎవరు నిలబడాలో ముందే పేర్లు రాసి ఉంచాలి. ఈ ఒక్క ప్రకటనను మాత్రం ఖాళీ అయ్యేవరకు పది సెకన్ల విరామంతో తిప్పుతూ ఉండండి, పాటలు పూర్తిగా ఆపేయండి. సాంకేతిక కారణమని అబద్ధం చెప్పే అలవాటు కొన్నిచోట్ల ఉంది. పొగ కళ్ళకు కనిపిస్తుండగా ఆ మాట వింటే జనం మీ తర్వాతి మాటను కూడా నమ్మరు, అందుకే కారణం చెప్పకుండా పని చెప్పడమే మేలు.

8. నిలబడి వినండి

రాసిన ప్రకటనలను మైకు గదిలో కూర్చొని మెచ్చుకోవద్దు. సాయంత్రం ఏడు గంటలకు ఎస్కలేటర్ మధ్యలో ఒకసారి, చీరల విభాగం చివరి మూల ఒకసారి, సెల్లార్‌లో ఒకసారి నిలబడి వినండి. ప్రకటన ముగిసిన వెంటనే పక్కనున్న సేల్స్ అమ్మాయిని, "ఇప్పుడేం చెప్పారమ్మా?" అని అడగండి. కారు రంగూ, ఎక్కడికి రావాలన్నదీ చెప్పగలిగితే ఆ ప్రకటన ఉంచండి. "ఏదో కారు అన్నారు సార్" అంటే తిరగరాయండి.

విసుగును కొలవడానికి ఇంకో మార్గం నాకు అనుకోకుండా దొరికింది. మొదటి ఏడాది పండుగకు మూడు రోజుల ముందు, బిల్లింగ్ కౌంటరులో ఇద్దరు అమ్మాయిలు మా స్వాగత ప్రకటనను అదే రాగంలో, చేతులు తిప్పుతూ ఒకరికొకరు చెప్పుకొని నవ్వుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు. "అలా ఎందుకంటున్నారు?" అని అడిగితే, "రాత్రి ఇంట్లో అన్నం తింటున్నా అదే చెవిలో మోగుతోంది సార్" అన్నారు. ఆ మధ్యాహ్నమే స్వాగత ప్రకటన తీసేశాం. అది ఆగిపోయిందని పండుగ అయ్యేదాకా ఒక్కరూ అడగలేదు.